పొద్దునో రాత్రో తెలియని గున్న ఏనుగు: నవ్వించి నిద్రపుచ్చే కథ ఎలా అల్లుకోవాలి?

ప్రశ్న: మా పాపకి ఐదేళ్ళు. రాత్రి పడుకునే ముందు ఏనుగు కథే కావాలంటుంది. నిద్రమొహం ఏనుగు ఒకటి పొద్దుననీ రాత్రినీ కలిపేసుకుంటుందని నేనే ఏదో అల్లి చెబుతున్నాను. పాప పడీ పడీ నవ్వుతుంది, ఆ నవ్వుతోనే నిద్ర ఎగిరిపోయి మంచం మీద గెంతులేస్తుంది. "దానికెందుకు తెలీదు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. పైగా ఈమధ్య పడుకోమంటే "నాకిప్పుడు పొద్దున్న" అంటోంది. కథ మానెయ్యాలా, మార్చుకోవాలా?

జవాబు: మార్చుకోండి. ముందుగా ఆ ఏనుగు పొరబడటానికి ఒక కారణం ఇవ్వండి. ఊరికే తెలివితక్కువగా ఉండే జంతువు కన్నా, కళ్ళెదుట కనబడేది చూసి తప్పు లెక్క వేసుకున్న జంతువు ఐదేళ్ళ పిల్లలకి ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. లెక్క ఎక్కడ తప్పిందో తమకి తెలుసు, దానికి తెలియదు. ఆ నవ్వంతా అక్కడే ఉంటుంది. "ఎందుకు తెలీదు?" అని పాప అడుగుతోందంటే మీ కథలో ఆ మెట్టు లేదన్నమాట.

కారణం మన రోడ్ల పక్కనే దొరుకుతుంది: నిద్రగన్నేరు చెట్టు. గొడుగులా పరుచుకుని, గులాబీ రంగు కుచ్చుల్లాంటి పూలు పూసే పెద్ద చెట్టు. పొద్దుగూకేసరికి దాని ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. దట్టంగా మబ్బు పట్టి వెలుతురు తగ్గినా అంతే. కాబట్టి కథ ఇలా నడుస్తుంది: మధ్యాహ్నం కారుమబ్బు కమ్మింది, చెట్టు ఆకులు ముడిచింది, ఆకాశాన్నీ చెట్టునీ చూసిన గున్న ఏనుగు రాత్రయిపోయిందనుకుని పడుకుంది. కడుపునిండా నిద్రపోయి లేచేసరికి నిజంగానే రాత్రయింది. నిద్ర తీరింది కదా, దాని లెక్కలో అది తెల్లవారు. ఇందులో ఎక్కడా వెర్రితనం లేదు. దానికి తోడు పున్నమి రోజు పెట్టుకుంటే ఇంకో మేలు ఉంది. పున్నమి చంద్రుడు సూర్యుడు దిగిపోయే వేళకే ఎక్కుతాడు, అదీ తూర్పు నుంచే. రోజూ సూర్యుడు వచ్చే కొండ పక్కనుంచే గుండ్రంగా ఒకటి పైకి లేస్తుంటే గున్న ఏనుగు ఏమనుకుంటుంది పాపం?

రెండో సంగతి, గడియారాన్ని కథలోకి రానివ్వకండి. "రాత్రి తొమ్మిదింటికి లేచి పొద్దున ఆరనుకుంది" అంటే పెద్దవాళ్ళకి అర్థమవుతుంది గానీ ఐదేళ్ళ పాపకి అంకెలు మాత్రమే వినబడతాయి. ఆ వయసుకి పొద్దునంటే కోడికూత, పళ్ళు తోముకోవడం, స్నానం, టిఫిను. రాత్రంటే చందమామ, దుప్పటి, వీధి సద్దుమణగడం. వీటిని తారుమారు చేస్తేనే హాస్యం. అందులోనూ పాపకి బాగా తెలిసినవాటినే ఎంచుకోవాలి. సరైనదేదో తెలియని చోట తప్పుకి నవ్వు రాదు, ప్రశ్న వస్తుంది. పగలెప్పుడైనా అన్నం పెడుతూ "కోడి ఎప్పుడు కూస్తుంది? చందమామ ఎప్పుడొస్తాడు?" అని మాటల్లో అడిగి చూడండి. ఠక్కున చెప్పినవి కథకి పనికొస్తాయి. కింద ఇచ్చిన కథలో తామర, కలువ వస్తాయి. తామర పగలు విచ్చుకుంటుంది, తెల్లకలువ రాత్రి విచ్చుకుంటుంది. ఇది పాపకి తెలియకపోతే ఆ రోజు పగటిపూట ఒకసారి చెప్పి ఉంచండి. రాత్రి కథ మధ్యలో ఆపి వివరించారంటే అటు నవ్వూ పోతుంది, ఇటు నిద్రా పోతుంది.

ఇక గెంతుల సంగతి. చాలామంది అలవాటుగా చిన్న తమాషాతో మొదలుపెట్టి, పెంచుకుంటూ పోయి, అన్నిటికన్నా పెద్దది చివర పేలుస్తారు. పగలు చెప్పే కథకి అది సరిగ్గా సరిపోతుంది. పడుకునే ముందు చెప్పే కథకి అదే వరసని తిరగెయ్యాలి: అన్నిటికన్నా గట్టి నవ్వు మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోవాలి. రెండోది చిరునవ్వు. మూడోది గుసగుసగా చెప్పుకునేది. ఆ తరవాత తమాషా లేదు, లేదా పాప విన్నా వినకపోయినా ఫరవాలేనంత చిన్నది. తప్పులు మూడే. నాలుగోది తోచినా రేపటికి దాచుకోండి. మొత్తం కథ ఎనిమిది నిమిషాలు దాటకుండా చూసుకుంటే, అందులో సగం పైగా నెమ్మదిగా సాగే భాగమే ఉండాలి.

"నాకిప్పుడు పొద్దున్న" అనే మాట మీ కథ నుంచే పుట్టింది. మీ ఏనుగు రాత్రంతా లేచి తిరిగి బోలెడు సరదా చేసుకుంటోంది కాబోలు. పాప దృష్టిలో అది పొరపాటు కాదు, మంచి ఉపాయం. అందుకే కథలో రాత్రి చప్పగా ఉండాలి. గున్న ఏనుగు ఎవరి దగ్గరికి వెళ్ళినా ఆడుకోవడానికి ఎవరూ లేవరు. భయపెట్టకూడదు, పులీ వద్దు, దారి తప్పిపోవడమూ వద్దు. చీకట్లో పిల్ల ఒంటరిగా ఉందంటే ఐదేళ్ళ పాప కళ్ళు ఇంకా పెద్దవి చేసుకుని వింటుంది. అమ్మ ఏనుగు మొదటి నుంచీ వెనకాలే చప్పుడు కాకుండా నడుస్తూ ఉండాలి, ఆ సంగతి పాపకి తెలియాలి, గున్నకి తెలియకూడదు. ఇది కల్పన కూడా కాదు. ఏనుగు అరికాళ్ళ కింద మెత్తటి దిండు లాంటి కొవ్వు పొర ఉంటుంది, అంత బరువు మోస్తూ కూడా అది చడీచప్పుడు లేకుండా నడవగలదు.

ఇప్పుడు కథ. చిత్తూరు జిల్లాలో పలమనేరు, కుప్పం వైపు ఏనుగులున్న కౌండిన్య అడవిలో పెట్టాం. మీకు దగ్గరలో వేరే అడవి ఉంటే పేరు మార్చుకోండి. మొదటి భాగాన్ని మామూలు గొంతుతో, కాస్త హుషారుగా చెప్పండి.

"అనగనగా కౌండిన్య అడవిలో గుమ్మడి అని ఒక గున్న ఏనుగు. గుమ్మడికి మూడు పనులు బాగా వచ్చు: తినడం, పడుకోవడం, తిన్నాక పడుకోవడం. ఒకరోజు మధ్యాహ్నం బోలెడంత గడ్డి తిని నిద్రగన్నేరు చెట్టు కింద నిలబడింది. ఇంతలో నల్లటి మబ్బొచ్చి ఆకాశమంతా కప్పేసింది. చెట్టు 'అబ్బో, చీకటి పడింది' అని ఆకులన్నీ ముడిచేసింది. గుమ్మడి పైకి చూసింది. చీకటి. చెట్టుని చూసింది. ఆకులు ముడుచుకున్నాయి. 'ఓహో, రాత్రయిపోయింది' అని అక్కడే పడుకుంది. గుర్ర్ర్ర్... ఫుస్స్. గుర్ర్ర్ర్... ఫుస్స్. వాన పడలేదు, మబ్బు వెళ్ళిపోయింది, సాయంత్రం అయింది, అసలు రాత్రి వచ్చింది. అప్పుడు లేచింది గుమ్మడి! కొండ పక్కన తెల్లగా, గుండ్రంగా, ఇంత పెద్ద చందమామ. 'ఆహా, సూర్యుడొచ్చేశాడు! ఇవాళ మొహం కడుక్కుని పౌడరు కూడా రాసుకున్నాడే!' అంది."

ఇక్కడ పాప "అది సూర్యుడు కాదు, చందమామ!" అని అరుస్తుంది. అరవనివ్వండి, ఆ అరుపు కోసమే ఈ వాక్యం. మీరు మాత్రం దిద్దకండి. "గుమ్మడి నీ మాట వినలేదు" అని ముందుకి పొండి.

"గుమ్మడి నడుచుకుంటూ బయల్దేరింది. వాళ్ళమ్మ చూసింది. 'ఎక్కడికెళ్తుందో చూద్దాం' అని నాలుగు అడుగులు వెనకాలే వచ్చింది, చప్పుడు చెయ్యకుండా. అడవి అంచున ఒక ఊరు. ఊరి మొదట్లో కోళ్ళగూడు. గూట్లో కోడిపుంజు మాంఛి నిద్రలో ఉంది. 'అయ్యో కోడిమామా, సూర్యుడొచ్చినా కుయ్యలేదేంటి? మర్చిపోయావా? ఉండు, నీ బదులు నేను కూస్తా' అని గుమ్మడి తొండం ఎత్తి, కళ్ళు మూసుకుని, 'కొక్... కొక్కొ... కొక్కొరొ... బాఁఁఁఁయ్!' అంది. కోడిపుంజు ఒక కన్ను తెరిచింది. గుమ్మడిని చూసింది. చందమామని చూసింది. 'బాగా కూశావు నాయనా. ఈ ఉద్యోగం నువ్వే ఉంచుకో, నేను పడుకుంటా' అని ఆ కన్ను మూసేసింది."

కథలో పెద్ద గొంతు ఇదొక్కచోటే. "బాఁయ్" అనేది పాప చేత కూడా ఒక్కసారి అనిపించండి, ఎంత గట్టిగా అన్నా ఫరవాలేదు. రెండోసారి అడిగితే "కోడిమామ పడుకుంది, మళ్ళీ లేపితే కోప్పడతాడు" అని గొంతు సగానికి తగ్గించెయ్యండి. ఇక్కణ్ణుంచి కథలో మనుషులూ జంతువులూ పడుకుని ఉన్నారు కాబట్టి మెల్లగా మాట్లాడాలి. పాపని నెమ్మదించమని మీరు వేరే చెప్పక్కర్లేదు, కథే చెబుతుంది.

"సరే, పొద్దునయింది కదా, స్నానం చెయ్యాలి అనుకుంది గుమ్మడి. చెరువు దగ్గరికెళ్ళింది. అమ్మ నాలుగు అడుగులు వెనకాలే ఉంది. చెరువులో తామరపువ్వు ముడుచుకుని ఉంది. 'తామరక్కా, ఇంకా లేవలేదా? బడికి టైమవుతోంది' అంది గుమ్మడి. తామరపువ్వు పలకలేదు. పక్కనున్న తెల్లకలువ మెల్లిగా అంది: 'ష్ష్... అక్క పగటి డ్యూటీ. ఇప్పుడు నా డ్యూటీ.' గుమ్మడికి అర్థం కాలేదు. ఒక కాలు నీళ్ళలో పెట్టింది. హుహుహు... చల్లగా ఉంది. రెండో కాలు పెట్టింది. హుహు... ఇంకా చల్లగా ఉంది. 'సూర్యుడు నీళ్ళు కాచడం మర్చిపోయాడు' అని కాళ్ళు తీసేసుకుంది."

"హుహుహు" అనేటప్పుడు పాప కాళ్ళ మీదకి దుప్పటి లాగండి. రోజూ మీరు దుప్పటి కప్పితే తన్నేసే పిల్లలైనా ఇక్కడ తామే కప్పుకుంటారు. గొంతు ఇంకా తగ్గించండి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక ఊపిరి తీసుకునేంత ఆగండి.

"ఇక ఆడుకుందాం అనుకుంది గుమ్మడి. కోతి దగ్గరికెళ్ళింది. కోతి కొమ్మ మీద తోక వేలాడేసుకుని పడుకుంది. కుందేలు దగ్గరికెళ్ళింది. బొరియలోంచి ఒక్క చెవి కనబడుతోంది, అదీ వాలిపోయి ఉంది. లేడిపిల్ల దగ్గరికెళ్ళింది. వాళ్ళమ్మ పక్కన ముడుచుకుని పడుకుంది. ఎవరూ లేవరు. ఎవరూ ఆడరు. చివరికి మర్రిచెట్టు మీద గుడ్లగూబ తాత కనబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. 'తాతా, ఇప్పుడు పొద్దునేనా?' అంది గుమ్మడి. 'ఊఁ' అన్నాడు తాత. 'లేకపోతే రాత్రా?' 'ఊఁ.' 'పొద్దునా రాత్రా సరిగ్గా చెప్పు తాతా.' 'ఊఁ.' 'నువ్వు వింటున్నావా?' 'ఊఁ.'"

కథలో పనిమంతుడు ఈ తాతే. మన ఇళ్ళల్లో కథ చెప్పేవాళ్ళు పిల్లల్ని ఊఁ కొట్టమంటారు. మెలకువగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి అంతకన్నా నిక్కమైన కొలత లేదు. ఇక్కడ గుడ్లగూబ వేషం పాపకి ఇచ్చెయ్యండి: "గుమ్మడి ఏమడిగినా నువ్వు ఊఁ అనడమే." ఇంతసేపూ అరిచి తప్పు దిద్దిన పాపకి ఇప్పుడు ఒకే అక్షరం పని మిగులుతుంది, అదీ నోరు మూసుకుని అనేది. గుమ్మడి ప్రశ్నల్ని ఒకదాని తరవాత ఒకటి, ప్రతిసారీ ఇంకాస్త ఆలస్యంగా వెయ్యండి. పది ప్రశ్నలైనా పట్టచ్చు, అవి ఎంత చప్పగా ఉంటే అంత మంచిది: "చెట్టు ఉందా తాతా?" "ఊఁ." "చెట్టుకి ఆకులున్నాయా?" "ఊఁ." ఊఁ వెంటనే వస్తుంటే మీరు ఇంకా నెమ్మదించాలి. ఊఁకి ముందు ఆలస్యం అవుతోందంటే, లేదా సాగి బలహీనంగా వస్తోందంటే, ప్రశ్నలు ఆపి అమ్మ ఏనుగుని పిలిచే వేళయింది. మధ్యలో తిక్కగా పాప "ఊహూఁ" అంటే నవ్వి ఊరుకోండి, పందెంగా మార్చకండి. ఇంట్లో పెద్దవాళ్ళు రాత్రిపూట గుడ్లగూబ పేరెత్తడం మంచిది కాదంటే వాదన ఎందుకు, ముసలి తాబేలుని పెట్టుకోండి. ఊఁ అనడానికి తాబేలైనా చాలు.

"అప్పుడు వెనకనుంచి వెచ్చగా ఒక తొండం వచ్చి గుమ్మడి వీపు మీద వాలింది. అమ్మ. 'ఆకలేస్తోందా గుమ్మడీ?' 'లేదు.' 'ఆడుకుంటావా?' 'ఎవరూ లేవట్లేదు.' 'కళ్ళెలా ఉన్నాయి?' 'బరువుగా ఉన్నాయి.' 'చెవులో?' 'బరువుగా ఉన్నాయి.' 'అయితే పడుకుందాం రా.' గుమ్మడి పడుకుంది. అమ్మ పక్కనే నిలబడింది. ముందు గుమ్మడి వెనక కాళ్ళు పడుకున్నాయి. తరవాత ముందు కాళ్ళు పడుకున్నాయి. తోక ఒకసారి ఊగింది... అదీ పడుకుంది. పెద్ద చెవులు రెండూ వాలాయి. తొండం మాత్రం మెలకువగా ఉంది. కొంచెం కదిలింది. ఇంకొంచెం కదిలింది. మెల్లిగా... బరువుగా... నేల మీద వాలింది. గుమ్మడి ఆవలించి చందమామతో అంది: 'సూర్యుడూ... నువ్వు కూడా... పడుకో.'"

చివరి మాట చూశారుగా, గుమ్మడి ఏమీ నేర్చుకోలేదు. చందమామని ఇప్పటికీ సూర్యుడనే అంటోంది. "అప్పటినుంచి గుమ్మడికి బుద్ధొచ్చి రాత్రి వేళకి పడుకునేది" అని ముగించాలని చెయ్యి దురదపెడుతుంది, ఆపుకోండి. ఆ వాక్యం వినగానే కథ తన గురించేనని పాపకి తెలిసిపోతుంది, వెంటనే బేరం మొదలవుతుంది. గుమ్మడి పొద్దుననుకుంటూనే పడుకుంది కాబట్టి ఇక్కడ బేరానికి చోటు లేదు. పొద్దునో రాత్రో తేలకపోయినా ఒళ్ళు బరువెక్కితే నిద్ర వస్తుందన్నది మాత్రం కథలో జరిగిపోయింది.

కాళ్ళు, తోక, చెవులు, తొండం అనే వరస ఊరికే పెట్టింది కాదు. చెబుతున్నప్పుడు పాప పాదాల దగ్గర మొదలుపెట్టి, మోకాలు, నడుము, చెవి, చివరికి చెయ్యి, ఒక్కో చోట మీ అరచేతిని కాసేపు ఉంచి తీసెయ్యండి. నిమరడం కన్నా కదలకుండా ఆన్చి ఉంచడం మేలు, నిమిరితే కొందరికి చక్కిలిగింత పుడుతుంది. తొండం అంటే పాప చెయ్యి. దాన్ని మీ చేతి మీద వాల్చుకుని "తొండం బరువెక్కింది" అనండి. తొండం చివరన పడుకోవడానికి ఒక శాస్త్రం కూడా ఉంది. బోట్స్‌వానాలో రెండు అడవి ఆడ ఏనుగుల తొండాల్లో చేతిగడియారం లాంటి చిన్న పరికరం అమర్చి, 35 రోజులపాటు వాటి నిద్రని కొలిచిన పరిశోధన 2017లో వచ్చింది. ఏనుగు మేలుకుని ఉన్నంతసేపూ తొండం ఏదో ఒకటి తడుముతూనే ఉంటుంది కాబట్టి, అయిదు నిమిషాలకి మించి తొండం కదలకపోతే నిద్రపోయినట్టు లెక్క వేశారు. మీరు కూడా పాప వేళ్ళు చూడండి. మీ చేతి మీద వేళ్ళు ఆడటం ఆగి, చెయ్యి ఎత్తితే వేలాడుతూ వస్తుంటే నిద్ర పట్టినట్టే. అప్పుడే లేచి వెళ్ళిపోకండి, కొద్ది నిమిషాలు ఆగండి. మొదట పట్టే నిద్ర చాలా పల్చగా ఉంటుంది, మంచం కిర్రుమన్నా కళ్ళు తెరుస్తుంది.

"కథ కంచికి, మనం ఇంటికి" అనే మాట ఈ కథకి వాడొద్దు. అది కథ అయిపోయిందని గంట కొట్టినట్టు, పిల్లలు లేచి కూర్చుని "ఇంకోటి" అంటారు. చివరి వాక్యం తరవాత ఏమీ అనకుండా గుర్ర్... ఫుస్స్ అని మీరే మెల్లిగా గుమ్మడిలా ఊపిరి వదులుతూ ఉండండి. "మళ్ళీ చెప్పు" అంటే కాదనకండి, కానీ అమ్మ తొండం వీపు మీద వాలిన దగ్గర్నుంచే మళ్ళీ చెప్పండి. కోడిమామ దగ్గర్నుంచి మొదలుపెట్టారో, మీ కష్టమంతా వృథా.

"నాకిప్పుడు పొద్దున్న" అన్నప్పుడు కిటికీలోంచి చీకటి చూపించి రుజువులు ఇవ్వకండి. రుజువుకి రుజువు చెప్పే ఓపిక మీకన్నా పాపకే ఎక్కువ. "సరే, గుమ్మడి కూడా అలాగే అంది. ఎవరు లేచారో విందాం" అని ఒక నిమిషం ఇద్దరూ మాట్లాడకుండా వినండి. ఫ్యాను చప్పుడు, దూరంగా ఏదో బండి, అంతే. చప్పగా ఉంటుంది, చప్పగానే ఉండాలి. మళ్ళీ అంటే మీరు గుడ్లగూబ తాతయిపొండి: "ఊఁ." "నేను నిజంగా చెప్తున్నా." "ఊఁ." "నీళ్ళు కావాలి." నీళ్ళు ఇచ్చి, "ఊఁ." కోపం లేకుండా, నవ్వు లేకుండా అదే ఊఁ వస్తుంటే ఆ ఆటలో పాపకి ఏ పసా దొరకదు. మొదటి రెండు మూడు రాత్రులు ఎక్కువసేపే సాగుతుంది. మీరు ఒక్కసారి మాట మార్చి గదిమితే తాత చచ్చిపోయినట్టే, మళ్ళీ మొదటికొస్తుంది.

కథ చేయలేని పని ఒకటుంది. నిద్ర నిజంగా రాని పిల్లని కథ నిద్రపుచ్చలేదు. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలంటారు నిద్ర వైద్య నిపుణులు. మీ పాప బడి నుంచి వచ్చి మూడింటికి పడుకుని ఐదున్నరకి లేస్తుందనుకోండి. పొద్దున ఏడింటికి లేచే పిల్లయితే, రాత్రి పదిన్నరకి పడుకున్నా పదకొండు గంటల నిద్ర పూర్తయినట్టే. తొమ్మిదింటికి మీరు గుమ్మడిని ఎంత చక్కగా నిద్రపుచ్చినా పాప కళ్ళు మూయకపోవడానికి అదే కారణం. మబ్బు పట్టిన మధ్యాహ్నం గుమ్మడి చేసిందీ అదే పని! ముందు పగటి నిద్రని ముప్పావుగంటకి తగ్గించి, నాలుగు లోపల లేపి చూడండి. ఆ తరవాతే కథలో లోపం వెతకండి.

పగలు పాప ఏనుగుల గురించి అడిగే ప్రశ్నలకి నిజమే చెప్పండి, రాత్రికి మాత్రం తీసుకురావద్దు. ఏనుగు నిలబడే పడుకుంటుందా అంటే, పెద్దవి ఎక్కువగా నిలబడే కునుకు తీస్తాయి, అప్పుడప్పుడు నేల మీద ఒరిగి పడుకుంటాయి. గున్నలు మాత్రం పడుకునే నిద్రపోతాయి, పెద్దవి చుట్టూ నిలబడతాయి. కథలో అమ్మని నిలబెట్టింది అందుకే. అడవి ఏనుగులు రాత్రిపూట కూడా మేస్తాయి, చాలా తక్కువ పడుకుంటాయి. బోట్స్‌వానా ఏనుగులు సగటున రోజుకి రెండు గంటలే పడుకున్నాయి. ఈ చివరి ముక్క పాప చెవిన పడిందంటే రాత్రి మీ మీదకే వస్తుంది. అందుకని దానితోపాటే ఇంకోటి కూడా చెప్పండి: ఏనుగుకి రోజూ బోలెడంత మేత కావాలి, ఆ మేత వెతుక్కుని తినడానికే రోజులో ఎక్కువ గంటలు సరిపోతాయి.

వారం తిరిగేసరికి కోడిమామ నవ్వు పాతబడుతుంది. అప్పుడు కథంతా మార్చకండి, మొదటి తప్పు ఒక్కటే మార్చండి. చెరువు, తాత, అమ్మ ఎక్కడివాళ్ళు అక్కడే ఉండాలి, ఎందుకంటే తరవాత ఏమొస్తుందో తెలిసిన దారిలోనే పిల్లలు త్వరగా నిద్రలోకి జారతారు. ఒకరోజు గుమ్మడి బడికెళ్ళి గేటు దగ్గర వరసలో నిలబడి, వెనక ఎవరూ లేకపోయినా "తొయ్యకండి" అంటుంది. ఒకరోజు టిఫిను బండి దగ్గరికెళ్ళి మూసిన బండి ముందు "రెండు ప్లేట్ల ఇడ్లీ, చట్నీ ఎక్కువ" అంటుంది, దాని లెక్కలో ప్లేటంటే గంప. ఒకరోజు వేపపుల్ల అనుకుని ఏకంగా వేపచెట్టే పీకి పళ్ళు తోముకోబోతుంది. ఇలాంటివి పాపని పగలు ఆలోచించి పెట్టమనండి. రాత్రికి అందులోంచి మీరు ఒకటే ఏరుకోండి, ఆ ఒక్కటీ మొదటి రెండు నిమిషాల్లోనే అయిపోవాలి.